అంచు ఎర్రబడని హాఫ్‌బాయిల్ కోసం నేను పడిన పాట్లు

మా ఇంట్లో హాఫ్‌బాయిల్ అంటే ఇనుప పెనం మీద నూనె బాగా కాగిన తరువాత గుడ్డు కొట్టి, అంచులు గోధుమరంగు తిరిగి అప్పడంలా కరకరలాడేదాకా ఉంచి తీయడమే. నేను చిన్నప్పటి నుంచీ అదే తిన్నాను, హైదరాబాదులో సొంతంగా వండుకోవడం మొదలుపెట్టాక అదే చేశాను. విజయవాడలో మా పిన్ని ఇంట్లో మాత్రం మరొక రకం ఉండేది. ఆవిడ పళ్లెంలోకి జార్చే గుడ్డులో తెల్లసొన అంచు నుంచి మధ్యదాకా ఒకే తెలుపులో, జున్నుముక్కలా మెత్తగా ఉండేది. ఎక్కడా ఎర్రటి మరక గాని, ఎండిన పొర గాని కనిపించేది కాదు. పచ్చసొనను వేలితో నొక్కితే లోపల తేనెలా కదిలేది, అన్నం మీద చిదిమితే నెమ్మదిగా పాకేది. ముక్కు దగ్గర పట్టుకుంటే మాడిన నూనె వాసన రాకపోవడం నాకు అన్నిటికంటే నచ్చేది. మొన్న వేసవిలో దంతవైద్యం చేయించుకుని కొన్నాళ్ళు గట్టివి నమలలేకపోయినప్పుడు, నాకు ఆ గుడ్డు గుర్తుకొచ్చి, దాన్ని నేనే చేసుకోవాలని కూర్చున్నాను. అది నాకు కుదరడానికి 2 వారాలు, 20కి పైగా గుడ్లు పట్టాయి.

మొదటిరోజు పిన్నికి ఫోన్ చేసి అడిగాను. "ఏముందిరా అందులో, సిమ్‌లో పెట్టి మూత పెట్టడమే" అని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ మాట నిజమే, కాని అందులో సగమే ఉందని తరువాత తెలిసింది. ఆవిడ చేతికి అలవాటైపోయిన ఒక పని ఆవిడకే గుర్తులేదు. దాని సంగతి కాస్త తరువాత చెబుతాను.

మూత సంగతి తరువాత చూద్దామనుకుని, ఇనుప పెనం మీద చెంచాడు నూనె వేసి, మంట పూర్తిగా తగ్గించి, గుడ్డు కొట్టాను. ఆరు నిమిషాలు గడిచినా పచ్చసొన చుట్టూ ఉన్న తెల్లసొన వలయం పచ్చిగా, గాజులా పారదర్శకంగానే ఉంది. అప్పటికి అడుగు తోలులా బిరుసెక్కింది, అంచు మళ్ళీ గోధుమరంగు తిరిగింది. పచ్చసొన మాత్రం కింది సగం గట్టిపడి, చిదిమితే పొడిపొడిగా రాలింది. అంటే మంట తగ్గించడం వల్ల నాకు కావలసినవి రెండూ దక్కలేదు, వద్దనుకున్నవి రెండూ మిగిలాయి. ఎందుకు ఇలా జరిగిందో అర్థం కాకుండా మరుసటి రోజు మళ్ళీ అదే చేయడంలో అర్థం లేదనిపించి, గుడ్డు వేడికి ఎలా గట్టిపడుతుందో కుదురుగా చదివాను.

చిక్కంతా గుడ్డులోనే ఉంది. తెల్లసొనలో ఒక రకం మాంసకృత్తులు సుమారు 62 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడతాయి గాని, అందులో సగానికి పైగా ఉండే ప్రధానమైన రకం 80 డిగ్రీలకు చేరువైతే తప్ప పూర్తిగా బిగుసుకోదు. పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడుతూ 70 డిగ్రీలకు గట్టిపడిపోతుంది. అంటే తెల్లసొనకు కావలసిన వేడి పచ్చసొన భరించగలిగిన వేడి కంటే ఎక్కువ. ఈ రెండూ ఒకే పెనం మీద, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కాబట్టి మొత్తం గుడ్డును నెమ్మదిగా ఒకే వేడికి తీసుకువెళితే తెల్లసొన కుదిరేసరికి పచ్చసొన చేయి దాటిపోతుంది. నా ఆరు నిమిషాల గుడ్డులో జరిగింది అదే. తెల్లసొనకు వేడి త్వరగా అందాలి, పచ్చసొనకు ఆలస్యంగా అందాలి. పచ్చసొన గుండ్రంగా, మందంగా ఉండటం మనకు కలిసివచ్చే విషయం, ఎందుకంటే దాని నడిమి దాకా వేడి చేరడానికి కొంత సమయం పడుతుంది. తెల్లసొన పలుచగా పరుచుకుంటుంది కాబట్టి దానికి ఆ అడ్డు లేదు. మనకు దొరికే గడువు ఆ తేడా ఉన్నంతసేపే, అది మూడు నిమిషాలకు మించదు.

ఇక అంచు ఎర్రబడటం వేరే సంగతి. తెల్లసొనలో దాదాపు పది వంతుల్లో తొమ్మిది వంతులు నీరే. నీరున్నంతసేపు ఆ భాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అందుతున్న వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీరు ఇంకిపోయిన చోట మాత్రం వేడి ఒక్కసారిగా పైకి ఎగబాకి, సుమారు 140 డిగ్రీలు దాటాక మాంసకృత్తులు గోధుమరంగు తిరుగుతాయి. అంచు అన్నిటికంటే పలుచన కాబట్టి అక్కడ నీరు మొదట అయిపోతుంది. ఈ సంగతి తెలిశాక నేను మంటను నిందించడం మానేశాను. పలుచటి అంచు ఉన్నంతకాలం ఎంత చిన్న మంట పెట్టినా, ఆలస్యంగానైనా అది ఎండిపోతుంది. నా తొలి గుడ్డు ఆరు నిమిషాలు పెనం మీద ఉంది కాబట్టి దాని అంచుకు ఎండిపోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది.

ఆ తరువాత రెండు రోజులు పెనాన్నీ పొయ్యినీ పరిశీలించాను. మా ఇనుప పెనం మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది. దోసెకు అది అడ్డు కాదు, గుడ్డుకు మాత్రం చాలా పెద్ద అడ్డు. నూనె వేయగానే అది మధ్య నుంచి జారి చుట్టూ చేరుతుంది, తెల్లసొన కూడా దాని వెంటే జారి వెళ్ళి ఆ నూనె మడుగులో పడుతుంది. అంచు అక్కడ వేగదు, మునిగి గారెలా కాలుతుంది. పైగా ఇనుము ఒకసారి వేడెక్కితే మంట తగ్గించినా త్వరగా చల్లారదు. సిమ్‌లో పెట్టాను కదా అని నేను అనుకుంటుండగానే అది అంతకుముందు దాచుకున్న వేడిని గుడ్డుకు ఇస్తూ ఉంది. పొయ్యి విషయానికొస్తే, పెద్ద బర్నర్ మంట వలయంలా వస్తుంది. చిన్న పెనాన్ని దాని మీద పెడితే ఆ వలయం సరిగ్గా తెల్లసొన అంచు కిందికి వస్తుంది, మధ్యభాగం దానికంటే చల్లగా ఉంటుంది. మనకు కావలసినదానికి ఇది నేరుగా వ్యతిరేకం.

అందుకని 20 సెంటీమీటర్ల వెడల్పున్న, అడుగు చదునుగా ఉన్న నాన్‌స్టిక్ పెనం తీసుకుని చిన్న బర్నర్ మీదికి మారాను. పెనం చదునో కాదో తెలుసుకోవడానికి అందులో రెండు చెంచాల నీళ్ళు పోసి చూస్తే చాలు. నీరు మధ్యలోనే నిలబడినా, సమంగా పరుచుకున్నా ఆ పెనం పనికివస్తుంది, చుట్టూ పారిపోతే పనికిరాదు. ఈ ఒక్క మార్పుతోనే అంచు రంగు సగానికి సగం తగ్గింది.

నూనెకు బదులు వెన్న వాడటం రెండో మార్పు. రుచి కోసం కాదు, అది వేడిని చెబుతుంది కాబట్టి. ఇంట్లో నెయ్యి కాచిన ప్రతివారికీ తెలిసిన విషయమే ఇది. వెన్నలో నీరున్నంతసేపు అది నురుగు కడుతూ చిటపటమంటుంది, నీరు అయిపోగానే చప్పుడు ఆగి, అడుగున గసి ఎర్రబడటం మొదలవుతుంది. గుడ్డుకు కావలసిన వేడి ఆ నురుగు దశలోనిదే. పెనంలో చెంచాడు వెన్న వేస్తే అది కరిగి, తెల్లటి సన్నని నురుగు వచ్చి, చప్పుడు గుసగుసలా వినిపిస్తున్నప్పుడు పెనం 100 డిగ్రీలు దాటి ఎంతో దూరం పోలేదని అర్థం. నురుగు అణగిపోయి నెయ్యి కాచిన కమ్మటి వాసన వచ్చిందంటే ఆలస్యం చేశామని అర్థం. అప్పుడు గుడ్డు వేయకుండా పెనాన్ని దించి ఒక నిమిషం ఆగడమే మంచిది. నూనె, నెయ్యి ఈ కబురు చెప్పవు. వాటిలో నీరు లేదు కాబట్టి అవి 100 దగ్గర ఉన్నా 180 దగ్గర ఉన్నా పైకి ఒకేలా నిశ్చలంగా కనిపిస్తాయి. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ ఎక్కువ మిగిలి ఉంటే చిందుతుంది, అందుకని దాన్ని ముందు చల్లటి నీళ్ళలో బాగా కడిగి వాడుతున్నాను.

ఇంత చేశాక కూడా రెండు లోపాలు మిగిలాయి. చుట్టూ అర అంగుళం మేర ఒక పలుచటి పొర వస్తూనే ఉంది, అది ఎర్రబడకపోయినా కాగితంలా ఎండుతోంది. పచ్చసొన చుట్టూ వలయం ఇంకా పచ్చిగానే ఉంటోంది. మూత పెట్టి చూశాను. పచ్చిదనం కొంత తగ్గింది గాని, ఆ వలయం కుదిరే వరకు ఉంచితే అడుగు బిరుసెక్కిపోయింది.

రెండో వారం మొదట్లో ఒక పెళ్ళి పని మీద విజయవాడ వెళ్ళి పిన్ని వంటింట్లో నిలబడి చూశాను. ఆవిడ గుడ్డును పెనం మీద నేరుగా కొట్టలేదు. చదునైన గట్టు మీద తట్టి పగులగొట్టి ఒక సాసరులోకి వదిలింది. తరువాత సాసరును పెనం దగ్గరికి తెచ్చి వంచేముందు, పనిగట్టుకుని కాకుండా, ఏదో ఆలోచిస్తున్నట్టుగా దాన్ని పక్కనున్న గిన్నె మీదికి ఒక్కసారి వాల్చింది. నీళ్ళలా ఉన్న తెల్లసొన ఆ గిన్నెలోకి జారింది, చిక్కటిది పచ్చసొనను పట్టుకుని సాసరులోనే ఉండిపోయింది. ఆ మిగిలిన ముద్దను పెనం మీదికి జార్చింది. నేను "అదేంటి పిన్నీ, అది పారబోశావు?" అని అడిగితే, "పారబోయలేదురా, నీళ్ళగా ఉంది కదా, అది ఆమ్లెట్టులోకి పోతుంది. నీకు చెప్పలేదా?" అంది. ఆవిడకు అది చెప్పవలసిన విషయమని తోచలేదు. నేను ఫోన్లో విన్న సగం మాటలో మిగిలిన సగం ఇదే.

గుడ్డు తెల్లసొన ఒకే పదార్థంగా కనిపిస్తుంది గాని, దానిలో పలుచటి భాగం, చిక్కటి భాగం వేర్వేరుగా ఉంటాయి. చిక్కటి భాగం పచ్చసొనను ఒక సంచిలా చుట్టుకుని ఉంటుంది. దాని వెలుపల పలుచటిది ఉంటుంది. పెనం మీద పడగానే ఆ పలుచటిది దూరంగా పారి, మన్ను మీద పారిన నీటిలా పరుచుకుని, మిగతాదానికంటే ముందే ఎండిపోతుంది. అంచు పేరుతో మనం తిట్టేది దాదాపు పూర్తిగా దీన్నే. గుడ్డు పాతబడేకొద్దీ చిక్కటి భాగం పలుచబడుతుంది, అందువల్ల తాజా గుడ్డులో చెంచాడు ఉండే పలుచటి సొన, వారాల తరబడి నిలవున్న గుడ్డులో చాలా ఎక్కువగా ఉంటుంది. పాతబడేటప్పుడు పెంకు గుండా బొగ్గుపులుసు వాయువు బయటకు పోయి తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం ఎక్కువైతే రంగు తిరగడం కూడా త్వరగా జరుగుతుంది. పాత గుడ్డు రెండు వైపుల నుంచి మనకు అడ్డు వస్తుందన్న మాట. తాజాదనం తెలుసుకోవడానికి లోతైన గిన్నెలో నీళ్ళు పోసి గుడ్డును వదలడం మనకు తెలిసిన పద్ధతే. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే కొంత పాతది, తేలితే వాడకూడనిది. నిలబడే గుడ్డును ఉడకబెట్టుకోవడానికి ఉంచి, పడుకునే గుడ్డునే దీనికి వాడుతున్నాను.

సాసరు వాల్చడం నా చేతికి కుదరలేదు, రెండుసార్లు పచ్చసొన కూడా జారి గిన్నెలో పడింది. అందుకని కాస్త పెద్ద రంధ్రాలున్న జాలి గరిట తీసుకున్నాను. గుడ్డును ముందు చిన్న గిన్నెలో కొట్టి, పెంకు ముక్కలు లేవని చూసుకుని, ఆ గరిటలోకి వదిలి, 10 లెక్కపెట్టేంతసేపు మెల్లగా ఊపితే చెంచాడో, చెంచాన్నరో నీళ్ళలాంటి సొన కిందికి కారుతుంది. అంతకు మించి ఊపితే చిక్కటిది కూడా తెగి జారుతుంది. టీ వడకట్టే సన్నని జాలితో కూడా ప్రయత్నించాను గాని, దాని కన్నాల్లో సొన పట్టుకుని పోనివ్వలేదు, తరువాత కడగడం కూడా కష్టమైంది.

ఈ వడకట్టడం అంచు సమస్యను చాలావరకు తీర్చింది, కాని మరొకదాన్ని పెంచింది. చిక్కటి సొన మాత్రమే మిగలడంతో గుడ్డు పొట్టిగా, ఎత్తుగా నిలబడింది. ఎత్తు పెరిగితే పచ్చసొన పక్కనున్న వలయానికి కింది నుంచి వేడి చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. అక్కడే ఆవిరి అవసరం తెలిసింది. పొడి మూత పెట్టడానికీ, చెంచాడు నీళ్ళు చల్లి మూత పెట్టడానికీ చాలా తేడా ఉంది. నీళ్ళు పడిన వెంటనే పుట్టే ఆవిరి గుడ్డు పైభాగాన్ని తాకి, అక్కడ మళ్ళీ నీరుగా మారేటప్పుడు తన వేడినంతా దానికి ఇచ్చేస్తుంది. ఇడ్లీపాత్రలో పిండి పైనుంచి కూడా ఉడకడానికి కారణం ఇదే. కింద పెనం, పైన ఆవిరి రెండూ పని చేస్తే వలయం నిమిషం లోపే కుదురుతుంది, అడుగు బిరుసెక్కడానికి వ్యవధి ఉండదు. పైగా ఆవిరి ఉన్నచోట అంచు ఎండదు, ఎండనిది ఎర్రబడదు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే సంతృప్తి కలిగించింది ఈ మలుపే, ఒకే చెంచాడు నీరు రెండు లోపాలనూ ఒకేసారి తీర్చింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతిని ఒక ఉదయం చేసినట్టుగానే చెబుతాను. గుడ్డును ఫ్రిజ్ నుంచి అరగంట ముందు బయట పెడతాను. చల్లటి పచ్చసొన తన పక్కనున్న తెల్లసొనను కూడా చల్లగా ఉంచుతుంది, ఆ వలయం పచ్చిగా మిగిలిపోవడానికి అది కూడా ఒక కారణం. వడకట్టిన గుడ్డును గిన్నెలో సిద్ధంగా ఉంచి, మూతనూ, చెంచాడు నీళ్ళనూ పక్కన పెట్టుకున్నాకే పొయ్యి వెలిగిస్తాను, ఎందుకంటే మొదలుపెట్టాక వెతుక్కునే తీరిక ఉండదు. చిన్న బర్నర్‌ను సిమ్‌కూ మధ్యమానికీ నడుమ ఉంచి, పెనంలో చెంచాడు వెన్న వేస్తాను. నిమిషంలో అది కరిగి సన్నని నురుగు కడుతుంది. అప్పుడు గిన్నెను పెనానికి తాకేంత దగ్గరగా తెచ్చి గుడ్డును జారవిడుస్తాను. ఎత్తు నుంచి వేస్తే సొన చిందరవందరగా పరుచుకుంటుంది, పచ్చసొన పక్కకు పోతుంది.

వేసిన క్షణంలో వినిపించే చప్పుడే ఆ గుడ్డు ఎలా వస్తుందో చెప్పేస్తుంది. సుయ్‌మని గట్టిగా వినిపించి, తెల్లసొన కింద బుడగలు పొంగితే పెనం వేడెక్కువైంది. ఆ బుడగలు తెల్లసొనలోని నీరు ఆవిరై అడుగు నుంచి పైకి తన్నుకురావడమే, అవి అల్లికలాంటి కన్నాలను మిగిల్చి, కన్నాల అంచులను ఎండబెడతాయి. అలా వినిపిస్తే పెనాన్ని వెంటనే పొయ్యి మీద నుంచి ఎత్తి, చప్పుడు తగ్గేదాకా గాలిలో పట్టుకుంటాను. ఏ చప్పుడూ లేకుండా సొన పారిపోతూ ఉంటే పెనం చల్లగా ఉంది, అది కూడా మంచిది కాదు, అంచు పలుచగా వెళ్ళిపోతుంది. నాకు కావలసింది దూరాన ఎవరో గుసగుసలాడుతున్నంత చప్పుడు. తెల్లసొన తాకిన చోటల్లా కొన్ని సెకన్లలోనే పాలలా తెల్లబడాలి, కాని ఉబ్బకూడదు.

ఒక నిమిషం దాన్ని ముట్టుకోను. అడుగంతా తెల్లబడి, పైన మాత్రం పచ్చసొన చుట్టూ తడి వలయం మిగిలినప్పుడు మంటను పూర్తిగా సిమ్‌లో పెట్టి, చెంచాడు నీళ్ళను గుడ్డు మీద కాకుండా పెనం ఖాళీగా ఉన్న చోట పోసి వెంటనే మూత పెడతాను. గాజు మూత అయితే లోపల కనిపిస్తుంది, లేకపోతే గంట కొట్టినట్టు కచ్చితంగా 50 సెకన్లు లెక్కపెట్టుకోవాలి. మూత మరీ దగ్గరగా ఉంటే దానికి పట్టిన నీటిబొట్లు గుడ్డు మీద పడి మచ్చలు పడతాయి, అందుకని లోతున్న మూత కావాలి. 50 సెకన్లకు పొయ్యి ఆపేసి, మూత తీయకుండా మరో 15 సెకన్లు ఉంచుతాను. తీశాక పెనాన్ని ముందుకూ వెనక్కూ కొంచెం ఊపి చూస్తే పచ్చసొన మాత్రమే వణకాలి. తెల్లసొన కూడా అలలా కదిలితే ఇంకో 10 సెకన్లు మూత పెట్టాలి. అనుమానం ఉంటే పచ్చసొన పక్కన చెంచా కొనతో తాకితే తెలుస్తుంది, అక్కడ జారుడుగా ఉంటే కుదరలేదు.

గుడ్డును వెంటనే పళ్లెంలోకి జార్చాలి. పొయ్యి ఆపినా పెనం వేడి తగ్గదు కాబట్టి, "ఒక్క నిమిషం" అని ఉంచినంతలో పచ్చసొన చిక్కబడిపోతుంది. నేను పళ్లెం తీసుకురావడానికి వెళ్ళి రెండు గుడ్లను అలా పోగొట్టుకున్నాను. ఉప్పు మాత్రం పళ్లెంలోకి వచ్చాకే, అదీ తెల్లసొన మీదే. పెనం మీదే పచ్చసొనపై ఉప్పు చల్లితే పలుకు పడిన చోటల్లా తెల్లటి చుక్కలు పడతాయి. మిరియాల పొడికి ఆ ఇబ్బంది లేదు.

ఈ పద్ధతిలో ఒకటి వదులుకోక తప్పదు. ఆవిరి వల్ల పచ్చసొన మీద ఉన్న సన్నని తెల్లసొన పొర కూడా గడ్డకట్టి, పసుపు మీద పలుచటి తెల్లని ముసుగు వేసినట్టు కనిపిస్తుంది. మెరిసే పసుపు గుండ్రం కావాలనుకునేవారికి ఇది నచ్చదు. దానికి వేరే దారి ఉంది. మూత పెట్టకుండా, తెల్లసొన అడుగు కుదరగానే పచ్చసొన చుట్టూ ఉన్న చిక్కటి వలయాన్ని చాకు కొనతో రెండు మూడు చోట్ల గాటు పెడితే, ఆ సంచి తెగి లోపలి సొన పెనం మీదికి పరుచుకుని కింది వేడితోనే కుదురుతుంది. చేయి ఏమాత్రం వణికినా పచ్చసొన పగులుతుంది. నాకు నాలుగింట రెండు పగిలాయి, అందుకని నేను ముసుగునే ఎంచుకున్నాను. పిన్ని గుడ్డులోనూ ఆ ముసుగు ఉండేదని నాకిప్పుడు గుర్తుకొస్తోంది, చిన్నప్పుడు దాన్ని నేను వేలితో తీసేసేవాణ్ణి.

పచ్చసొన పూర్తిగా ఉడకని గుడ్డు అందరికీ తగదన్న సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. గుడ్డులో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది, అవి ఈ కొద్దిపాటి వేడికి పూర్తిగా నశించవు. గర్భిణులకూ, పసిపిల్లలకూ, బాగా వృద్ధులైనవారికీ, వ్యాధినిరోధక శక్తి తగ్గినవారికీ పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించే పెట్టాలి. మా ఇంటికి నాన్నగారు వచ్చినప్పుడు నేను ఈ గుడ్డునే మరో రెండున్నర నిమిషాలు మూతలో ఉంచి ఇస్తాను, చెంచాడు నీళ్ళు ఇంకోసారి పోస్తే అప్పుడు కూడా అంచు ఎండదు. పగిలిన పెంకు, రెట్ట అంటిన పెంకు ఉన్న గుడ్లను దీనికి అసలే వాడను.

రెండు గుడ్లు ఒకేసారి వేయడం గురించి కూడా చెప్పాలి. 20 సెంటీమీటర్ల పెనంలో రెండు పడతాయి, కాని రెండోది పడేసరికి పెనం వేడి తగ్గి, రెండూ కలిసిపోయి, మధ్యలోని సొన మందంగా పేరుకుంటుంది. ఆ కలిసిన చోటే చివరి వరకు పచ్చిగా ఉంటుంది. ఒకదాన్ని వేసి, అడుగు తెల్లబడ్డాక 20 సెకన్ల తరువాత రెండోదాన్ని వేరే పక్కకు జార్చి, మూత కింద 65 సెకన్లు ఉంచితే సమంగా వస్తున్నాయి. నలుగురికి కావాలంటే నేను రెండేసి చొప్పున రెండు విడతలుగా వేస్తాను, విడతకూ విడతకూ మధ్య పెనాన్ని తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, వెన్న మళ్ళీ కొత్తగా వేస్తాను. మొదటి విడతలో మిగిలిన వెన్న అప్పటికే ఎర్రబడటం మొదలుపెట్టి ఉంటుంది, దాన్ని అలాగే ఉంచితే రెండో విడత గుడ్ల అడుగు మచ్చలు పడుతుంది. వడకట్టగా మిగిలిన నీళ్ళసొనను పిన్నిలాగే ఒక గిన్నెలో పోగుచేసి, అదే రోజు ఉల్లిపాయ ఆమ్లెట్టులో కలిపేస్తున్నాను.